‘ఇద్దరివీ సరిపోలేదు’ అంటే ఎందరివి?

(చిక్కడపల్లిలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవారి ముందు ఒక గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

ముందు ఒక చెక్కు సంగతి చెబుతాను. మేముండేది నల్లకుంటలో, చిన్న అపార్ట్‌మెంటు. అసోసియేషన్ డబ్బు బ్యాంకులో ఉంటుంది. చెక్కు మీద సెక్రటరీ, కోశాధికారి ఇద్దరూ సంతకం పెట్టాలి. అప్పట్లో సెక్రటరీని నేనే. కోశాధికారి 70 దాటిన పెద్దాయన. మోకాళ్ల నొప్పులు. ఆ మధ్య మియాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. లిఫ్టు బాగుచేసినవాళ్లకు ఒక చెక్కు ఇచ్చాం. రెండు రోజులకు బ్యాంకు నుంచి నాకు ఫోన్ వచ్చింది. “సార్, మీ చెక్కు రిటర్నయింది. ఇద్దరి సంతకాలూ సరిపోలేదు. వచ్చి స్పెసిమెన్ సంతకాలు మళ్లీ ఇవ్వండి” అన్నారు.

ఆ మాట విని నేనేం చేస్తాను? పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన మియాపూర్ నుంచి మెట్రో ఎక్కి, దిగి ఆటో మాట్లాడుకుని, ఎండలో బ్యాంకుకు వచ్చారు. తీరా కౌంటర్లో చూస్తే ఆయన సంతకం అచ్చుగుద్దినట్టు ఉంది. తేడా ఉన్నది నా ఒక్కడి సంతకంలోనే. “మరి ఇద్దరివీ సరిపోలేదన్నారు కదండీ?” అని అడిగాను. ఆ అబ్బాయి “అవును సార్, ఇద్దరివీ సరిపోవాలి కదా, సరిపోలేదు” అన్నాడు.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పాలనుకోలేదు. అతని మనసులో ఉన్నది నిజమే. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఆ నిజం కాదు, ఇంకో మాట. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా గురించే ఇవాళ మాట్లాడతాను. ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పులతో అంతదూరం రావలసి వచ్చింది కాబట్టి ఇది నాకు పుస్తకంలో విషయంగా మిగల్లేదు.

బోర్డు మీద చూడండి. రెండు సంతకాలు. ఒక్కోటి సరిపోతుంది, లేదా సరిపోదు. కాబట్టి మొత్తం నాలుగు గళ్లు. మొదటి గడిలో నాదీ సరిపోయింది, ఆయనదీ సరిపోయింది. రెండో గడిలో నాది సరిపోయింది, ఆయనది సరిపోలేదు. మూడో గడిలో నాది సరిపోలేదు, ఆయనది సరిపోయింది. నాలుగో గడిలో నాదీ సరిపోలేదు, ఆయనదీ సరిపోలేదు. ఇంకో అవకాశం లేదు.

బ్యాంకు నియమం ఏమిటి? “ఇద్దరి సంతకాలూ సరిపోవాలి.” ఈ మాట నిజమయ్యేది ఏ గడిలో? మొదటి గడిలో మాత్రమే. మరి చెక్కు ఎప్పుడు వెనక్కి వస్తుంది? మిగిలిన మూడు గళ్లలో ఏది జరిగినా వస్తుంది. అంటే నియమానికి వ్యతిరేకమైన మాట ఆ మూడు గళ్లనూ కప్పాలి. ఇప్పుడు ఆ అబ్బాయి మాట చూడండి: “ఇద్దరి సంతకాలూ సరిపోలేదు.” తెలుగు చెవికి ఇది నాలుగో గడి ఒక్కటే. నాదీ పోయింది, ఆయనదీ పోయింది. రెండో గడి, మూడో గడి ఎవరికీ చెందకుండా మిగిలిపోయాయి. జరిగింది సరిగ్గా ఆ మిగిలిపోయిన మూడో గడి.

ఏదైనా మాటకు వ్యతిరేకం సరిగ్గా చెప్పామా లేదా అని చూసుకోవడానికి ఇదే పరీక్ష. మాటా దాని వ్యతిరేకమూ ఒకే గడిలో రెండూ నిజం కాకూడదు, ఒకే గడిలో రెండూ అబద్ధమూ కాకూడదు. మూడో గడికి వెళ్లండి. “ఇద్దరివీ సరిపోయాయి” అక్కడ అబద్ధం. “ఇద్దరివీ సరిపోలేదు” కూడా అక్కడ అబద్ధమే. రెండూ అబద్ధమైపోయాయంటే అవి ఒకదానికొకటి వ్యతిరేకాలు కావన్నమాట. పరీక్షలో “రాము వచ్చాడు మరియు సీత వచ్చింది” అన్నదానికి వ్యతిరేకం అడిగి, “రాము రాలేదు మరియు సీత రాలేదు” అని ఒక జవాబు పెడతారు. చాలామంది దానికే టిక్కు పెడతారు. రాము ఒక్కడే వచ్చిన రోజును తలుచుకోండి, ఆ జవాబు ఎందుకు తప్పో వెంటనే తెలుస్తుంది.

పాత పదో తరగతి గణితంలో ‘ప్రవచనాలు–సమితులు’ అని ఒక పాఠం ఉండేది. అందులో ఈ సంగతిని ఇలా రాయించేవారు:

```
∼(p ∧ q) ≡ ∼p ∨ ∼q
∼(p ∨ q) ≡ ∼p ∧ ∼q
```

p, q అంటే రెండు మాటలు, ∼ అంటే ‘కాదు’, ∧ అంటే ‘మరియు’, ∨ అంటే ‘లేదా’. వీటిని డీమోర్గాన్ న్యాయాలు అంటాం. బ్రాకెట్టు బయట ఉన్న ‘కాదు’ లోపలికి వెళ్లేటప్పుడు ‘మరియు’ను ‘లేదా’ చేస్తుంది, ‘లేదా’ను ‘మరియు’ చేస్తుంది. నేనూ చిన్నప్పుడు ఇది వల్లె వేసినవాణ్ణే. వల్లె వేసినవాళ్లం కూడా మాట్లాడేటప్పుడు తప్పుతాం. ఎందుకు తప్పుతామో మన వ్యాకరణంలోనే ఉంది. దాన్ని కాస్త నిదానంగా చూద్దాం.

మనం ఇంట్లో ‘మరియు’ అనం. అది శుభలేఖల మీద, నోటీసుల మీద ఉండే మాట. ఇంట్లో ఏమంటాం? చివరి అచ్చును సాగదీస్తాం. “అమ్మా నాన్నా వచ్చారు.” “నా సంతకమూ ఆయన సంతకమూ.” “ఇద్దరూ.” ఆ దీర్ఘమే మన ‘మరియు’. అలాగే ‘లేదా’ కూడా ఇంట్లో తక్కువ. దాని పని చేసేవి రెండున్నాయి: ‘ఓ’, ‘గానీ’. “అమ్మో నాన్నో వస్తారు.” “అమ్మ గానీ నాన్న గానీ వస్తారు.”

మరి మన ‘కాదు’ ఎక్కడుంటుంది? క్రియలోపల ఉంటుంది. వచ్చారు, రాలేదు. సరిపోయాయి, సరిపోలేదు. తాగుతాను, తాగను. వాక్యం మొత్తాన్ని ఒక బ్రాకెట్టులో పెట్టి దాని ముందు ‘కాదు’ తగిలించే అలవాటు మన వాడుకలో లేదు. వ్యతిరేకం చెప్పాలంటే చివర క్రియను మార్చేస్తాం, మిగతాదంతా ఎలా ఉన్నది అలా వదిలేస్తాం. “ఇద్దరివీ సరిపోవాలి”లో క్రియ ఒక్కటి మార్చితే “ఇద్దరివీ సరిపోలేదు” వచ్చింది. ఆ అబ్బాయి చేసింది అదే. కానీ ఆ దీర్ఘం మొండిది. క్రియ వ్యతిరేకమైనా అది లొంగదు. “నాదీ ఆయనదీ” అని విడివిడిగా ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, ఒక్కొక్కరికీ ‘లేదు’ను అంటగడుతుంది. “వాడు కాఫీ టీ రెండూ తాగడు” అంటే వాడికి మజ్జిగ ఇవ్వాలని ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. రెండూ కలిపి తాగడు, ఒకటైతే తాగుతాడు అని ఎవరూ అనుకోరు.

ఇప్పుడు ‘గానీ’ పెట్టి చూడండి. “వాడు కాఫీ గానీ టీ గానీ తాగడు.” అర్థం మారిందా? లేదు. మళ్లీ మజ్జిగే. “తాగుతాడు” అన్నప్పుడు “కాఫీ టీ రెండూ తాగుతాడు”కూ “కాఫీ గానీ టీ గానీ తాగుతాడు”కూ ఎంతో తేడా ఉంది. “తాగడు” అనేసరికి రెండు దారులూ ఒకే ఇంటికి చేరాయి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. రెండూ లేవని చెప్పడానికి మన దగ్గర పొట్టి వాక్యాలు రెండున్నాయి. రెండింటిలో కనీసం ఒకటి లేదని చెప్పడానికి, అంటే మూడు గళ్లనూ కప్పడానికి, అంత సులువుగా నోటికొచ్చే వాక్యం లేదు. అందుకే నోరు తొందరపడి నాలుగో గడి వాక్యాన్నే పట్టుకుంటుంది.

దానికి మందు కూడా మన వ్యాకరణంలోనే ఉంది. దీర్ఘం తీసేసి ‘ఓ’ పెట్టండి. “నా సంతకమో ఆయన సంతకమో సరిపోలేదు.” ఇప్పుడు మూడో గడి లోపలికి వచ్చింది, రెండోదీ వచ్చింది. డీమోర్గాన్ మొదటి న్యాయం తెలుగులో ఇంతే: ‘కాదు’ క్రియలోకి దిగేటప్పుడు ఊ పోయి ఓ రావాలి. ఎవరూ, ఎవరో అన్న రెండు మాటల్ని ఒకసారి పైకి అనుకోండి. ఎవరూ రాలేదు. ఎవరో రాలేదు. ఒక్క అచ్చు మారితే ఊరంతా రాకపోవడం కాస్తా ఒక్క మనిషి రాకపోవడం అయిపోయింది. ఎప్పుడు తలుచుకున్నా నాకు ముచ్చటేస్తుంది. ఇంత పనిచేసే అచ్చులు మన భాషలో ఉన్నాయి, వాటిని లెక్కల మాస్టార్లం క్లాసులో ఎత్తం. గుర్తులు నేర్పుతాం, చెవిని వదిలేస్తాం.

అయితే ‘ఓ’తో రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, ‘ఓ’ అన్నప్పుడు చెప్పేవాడికి ఏదో తెలియదన్న ధ్వని వస్తుంది. “ఎవరిదో సరిపోలేదు” అంటే, “ఎవరిదో మీకు తెలీదా?” అని అవతలివాడు అడుగుతాడు. ఆ అబ్బాయికి తెలుసు. తెలిసినప్పుడు న్యాయాలన్నీ పక్కన పెట్టి “మీది సరిపోలేదు సార్” అనడమే సరైన మాట. రెండోది, “ఎవరిదో ఒకరిది” అంటే ఒక్కరిదే అన్నట్టు వినిపిస్తుంది. న్యాయంలో ఉన్న ‘లేదా’ నాలుగో గడిని కూడా కలుపుకుంటుంది, రెండూ పోయినా ఆ మాట నిజమే. కాబట్టి రాతలో “కనీసం ఒకరి సంతకం సరిపోలేదు” అని రాయడం మేలు.

ఇక్కడొక గుంట ఉంది, చాలామంది పడతారు. ‘కనీసం ఒకరిది’ అన్నదాన్ని ‘ఒకరిదైనా’ అని మారుద్దామనిపిస్తుంది. “ఇద్దరిలో ఒకరి సంతకమైనా సరిపోలేదు.” దీని అర్థం ఏమైంది? ఒక్కరిది కూడా సరిపోలేదు అని. మళ్లీ నాలుగో గడి. “ఒకరిదైనా సరిపోయింది” అన్నప్పుడు ‘ఐనా’ కనీసం ఒకటి అన్న అర్థమే ఇస్తుంది. క్రియ వ్యతిరేకం కాగానే అది ‘గానీ’తో కలిసి అవతలి ఒడ్డుకు పోతుంది. కాబట్టి సరిచూసుకోవలసింది మాటల్ని కాదు, గళ్లని.

రెండో న్యాయం దగ్గరకు వద్దాం. ఇది మన నోటికి సులువు, ఎక్కువసేపు అవసరం లేదు. అదే బ్యాంకులో నాకూ మా ఆవిడకూ కలిపి ఖాతా ఉంది. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా డబ్బు వస్తుంది. “నేను గానీ ఆవిడ గానీ సంతకం పెట్టాలి.” ఇది మూడు గళ్లలో నిజం. ఇది తప్పేది ఒక్క గడిలో: నేనూ పెట్టలేదు, ఆవిడా పెట్టలేదు. ‘గానీ’ పోయి దీర్ఘం వచ్చింది, అంతే. మనం “నేను గానీ ఆవిడ గానీ పెట్టలేదు” అన్నా అదే అర్థం కాబట్టి తప్పు జరగదు.

మాట్లాడినంతసేపూ జరగదు. ప్రోగ్రాం రాసేటప్పుడు జరుగుతుంది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటున్న మా బంధువుల అమ్మాయి ఒకసారి ల్యాప్‌టాప్ తెచ్చి చూపించింది. అవునంటే `y`, కాదంటే `n` కొట్టమని అడగాలి, వేరే ఏది కొట్టినా మళ్లీ అడగాలి. తను రాసింది ఇది:

```python
ans = input()
while ans != "y" or ans != "n":
    ans = input()
```

`y` కొట్టినా అడుగుతోంది, `n` కొట్టినా అడుగుతోంది. ఎంతకీ ఆగదు. ఏమనుకుని రాశావమ్మా అని అడిగాను. “`y` గానీ `n` గానీ కాకపోతే మళ్లీ అడగాలి, మామయ్యా” అంది. తెలుగులో ఆ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. తను ‘గానీ’కి `or` పెట్టింది, ‘కాకపోతే’కి `!=` పెట్టింది. మాటకు మాట సరిపోయింది, అర్థం మాత్రం జారిపోయింది. తెలుగు ‘గానీ’ వ్యతిరేక క్రియ పక్కన ఉన్నప్పుడు అర్థంలో `and` అయిపోతుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. అది `or`ను `or`గానే చదువుతుంది.

వరసగా చూడండి. `y` కొట్టాం. `ans != "y"` అబద్ధం. `ans != "n"` నిజం, ఎందుకంటే `y` అన్నది `n` కాదు కదా. రెండింటిలో ఒకటి నిజమైతే `or`కు చాలు, కాబట్టి మళ్లీ అడుగుతుంది. ఒకే అక్షరం ఒకేసారి `y`, `n` రెండూ కాలేదు కాబట్టి ఈ షరతు అబద్ధమయ్యే రోజే రాదు. కావలసింది రెండో న్యాయం:

```python
while ans != "y" and ans != "n":
```

“`y`ఊ కాదు, `n`ఊ కాదు, అంతవరకూ అడుగు.” లేదంటే తను మొదట అనుకున్న మాటను చెక్కుచెదరకుండా `while not (ans == "y" or ans == "n"):` అని రాయవచ్చు. ‘గానీ’ లోపల ఉంది, ‘కాకపోతే’ బయట ఉంది. నాకు ఈ రెండోదే ఇష్టం, అనుకున్న మాట అందులో కనిపిస్తుంది. ఆ అమ్మాయి కూడా అదే ఉంచుకుంది.

ఆ డీమోర్గాన్ ఎవరో ఒక్క నిమిషం చెప్పాలి, ఎందుకంటే ఆయన పుట్టింది మనకు దూరమేమీ కాదు. ఆగస్టస్ డీమోర్గాన్ 1806లో మదురైలో పుట్టారు. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉండేవారు. పసితనంలోనే కుటుంబం ఇంగ్లండుకు వెళ్లింది. తర్వాత లండన్‌లో గణితాచార్యులయ్యారు. 1847లో తర్కం మీద పెద్ద పుస్తకం వేశారు. ఢిల్లీ కాలేజీలో లెక్కలు చెప్పిన రామచంద్ర అనే ఉపాధ్యాయుడి గణిత గ్రంథం చూసి, ఎంతో మెచ్చుకుని, 1859లో లండన్‌లో మళ్లీ అచ్చు వేయించింది కూడా ఈయనే. న్యాయాల పేరు ఆయనదైనా, సంగతి అంతకుముందే తెలుసు. 14వ శతాబ్దిలోనే ఓకం ఊరి విలియం అనే క్రైస్తవ సన్యాసి దీన్ని గుర్తులేమీ లేకుండా మాటల్లోనే రాశాడు. కాబట్టి మాటల్లోనే ఆలోచించడం ఏమీ తక్కువ పని కాదు.

ఇప్పుడు మూడు గళ్ల వాక్యం నిజంగా అవసరమయ్యే ఇంకో చోటు చెబుతాను. ఇది ఇంట్లో ప్రాణం మీదికి వచ్చే సంగతి. బాత్రూం కడగడానికి కొందరు యాసిడ్ వాడతారు, కొందరు బ్లీచింగ్ పౌడర్ వాడతారు. విడివిడిగా, జాగ్రత్తగా వాడితే పని జరుగుతుంది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపేసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. పనిచేసే అమ్మాయికి మనం ఏం చెబుతాం? “యాసిడూ బ్లీచింగూ వాడకు” అంటే, ఏదీ వాడొద్దని అర్థం. ఆమె మరి దేంతో కడగాలి? కాసేపటికి ఆ మాట పక్కన పెట్టేస్తుంది, ఆచరించలేని మాట కాబట్టి. మనం చెప్పదలచింది “యాసిడ్ వాడతావు, బ్లీచింగూ వాడతావు” అన్నదానికి మాత్రమే వ్యతిరేకం. ఇందులో ‘ఓ’ కూడా పనికిరాదు. “యాసిడో బ్లీచింగో వాడకు” అని ఆజ్ఞ ఇస్తే వినేవాళ్లకు ఏం చేయాలో తోచదు. ఇక్కడ కావలసిన మాట ‘కలిపి’. “రెండూ కలిపి వాడకు. ఒకటి వాడితే రెండోది ముట్టుకోకు.” ఈ ‘కలిపి’ అన్నది బ్రాకెట్టు పని చేస్తుంది. ఆ మొండి దీర్ఘాన్ని విడివిడిగా తిరగనివ్వకుండా ఒకచోట కట్టేస్తుంది. రెండో వాక్యం ఇంకా మంచిది: ఒకటి జరిగితే రెండోది జరగకూడదు. రెండింటిలో కనీసం ఒకదాన్ని వాడకుండా ఉండాలి అన్నా అదే, తేడా లేదు. చెవికి మాత్రం ఇది సూటిగా తగులుతుంది.

టు–లెట్ బోర్డుల మీద దీనికి తలకిందులుగా జరుగుతుంది. “బ్యాచిలర్లకు, మాంసాహారులకు ఇవ్వబడదు” అని ఉంటుంది. ఒక కుర్రాడు వచ్చి, “నేను బ్యాచిలర్నే గానీ మాంసం తిననండీ” అంటాడు. అతను కామాను ‘కలిపి’గా చదువుకున్నాడు. యజమాని రాసింది మాత్రం బ్యాచిలర్ గానీ మాంసాహారి గానీ వద్దని. అంటే కావలసింది సంసారులూ, శాకాహారులూ అయినవాళ్లు. అలా బోర్డులు పెట్టడం న్యాయమా అన్నది వేరే సంగతి, నాకది నచ్చదు. బోర్డు అర్థం మాత్రం అదే.

ఒక పరిమితి చెప్పాలి. మనం ‘మరియు’ అర్థంలో వాడే ఇంకో రూపం ఉంది: “అన్నం తిని మందు వేసుకున్నాడు.” తిన్నాడు, వేసుకున్నాడు. రెండు పనులు. ఇప్పుడు డాక్టరు అడుగుతారు, “తిని వేసుకున్నారా?” మనిషి “లేదండీ” అంటాడు. నాలుగు గళ్లు గీసి కూర్చుంటే మొదటి గడి కొట్టివేసి, తినలేదో, వేసుకోలేదో అని తేలుస్తాం. కానీ ఆయన తిన్నాడు కూడా, వేసుకున్నాడు కూడా. ముందు వేసుకుని తర్వాత తిన్నాడు. న్యాయం తప్పిందా? తప్పలేదు. ‘తిని’లో ఉన్నవి రెండు మాటలు కాదు, మూడు. తిన్నాడు, వేసుకున్నాడు, ఈ వరసలోనే చేశాడు. మూడింటి ‘మరియు’కు వ్యతిరేకం మూడింటి ‘లేదా’. తినలేదో, వేసుకోలేదో, వరస తప్పిందో. కాబట్టి ‘లేదు’ వినగానే డాక్టరు రెండు ప్రశ్నలు కాదు, మూడు అడగాలి. మాటలో ఎన్ని షరతులు దాగున్నాయో లెక్కపెట్టాకే అచ్చులు మార్చడం మొదలుపెట్టాలి.

ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒక అమ్మాయి: సార్, గట్టిగా ఒత్తి పలికితే అర్థం మారదా? “నేను రెండూ తేలేదు, ఒకటే తెచ్చాను” అంటాం కదా?)

అంటామమ్మా, మంచి మాట అడిగావు. ‘రెండూ’ను ఒత్తి, వెంటనే “ఒకటే తెచ్చాను” అని కలిపితే ‘కాదు’ బయటికి వచ్చి మొత్తాన్ని కప్పుతుంది. రెండూ తెచ్చానన్న మాట నిజం కాదు అన్నట్టు. కానీ ఆ ఒత్తు గొంతులో ఉంది, అక్షరంలో లేదు. మెసేజ్‌లో రాస్తే పోతుంది. బ్యాంకు ఫోన్‌లో గబగబా చెబితే పోతుంది. అందుకే రాసేటప్పుడు ఆ రెండో ముక్క, “ఒకటే తెచ్చాను” అన్నది, వదలకూడదు.

(మరో అబ్బాయి: ఇద్దరైతే సరే సార్. “అభ్యర్థులందరూ ఒరిజినల్స్ తేలేదు” అంటే ఎలా లెక్కపెట్టాలి?)

అదే పద్ధతి బాబూ, గళ్లు పెరుగుతాయంతే. ‘అందరూ’ చివర ఉన్న దీర్ఘం చూశావా? అది పొడుగాటి ‘మరియు’. ముగ్గురుంటే గళ్లు 8. అందరూ తెచ్చిన గడి ఒకటి. దాని వ్యతిరేకం 7 గళ్లు. ఎవరూ తేనిది మళ్లీ ఒక్క గడే. 40 మంది ఉంటే గళ్లు 2ను 40 సార్లు హెచ్చించినన్ని, లక్ష కోట్లకు పైగా. “అందరూ తెచ్చారు” అన్నది అందులో ఒక్క గడి. అది అబద్ధం అన్నామంటే మిగిలినవన్నీ వచ్చి పడతాయి. “ఎవరూ తేలేదు” అన్నామంటే అందులో ఒక్క గడిని పట్టుకుని కూర్చున్నాం. ఇద్దరున్నప్పుడు తప్పు మూడు గళ్లకూ ఒక గడికీ మధ్య ఉంది. మనుషులు పెరిగేకొద్దీ అది పెద్దదవుతుంది.

పైగా “ఇద్దరూ రాలేదు” అంటే ఏ ఒక్కరూ రాలేదనే వింటాం గానీ, “అందరూ రాలేదు” అన్నది రెండు రకాలుగానూ వినపడుతుంది. “పెళ్లికి అందరూ రాలేదు, కొందరే వచ్చారు” అంటాం. ఇంకోచోట ఒక్కరూ రాలేదన్నట్టూ అంటాం. కాబట్టి ఆ వాక్యాన్ని నోటీసు బోర్డు మీద రాయకూడదు. “తేనివారు కనీసం ఒకరున్నారు” అన్నది తర్కానికి సరైన వాక్యం, కానీ ఆ నోటీసు చదివినవాడికి తాను తెచ్చినవాడో తేనివాడో తెలియక బస్సెక్కి మళ్లీ ఆఫీసుకు వస్తాడు. రాసేవాళ్ల దగ్గర జాబితా ఉంటుంది కదా. “ఒరిజినల్స్ తేనివారి హాల్ టికెట్ నంబర్లు ఇవి, మిగిలినవారు రానక్కర్లేదు” అని రాయాలి.